పాకం ముదిరిందా నాయనా?

ప్రశ్న: తిరుపతిలో సర్జరీ పీజీ చేస్తున్నాను, రెండో సంవత్సరం. మా వార్డులో ఒక పెద్దాయనకి బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. ఉమ్మడి కుటుంబం, బెడ్ చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. అందరిదీ ఒకటే మాట, "ఆయనకి మాత్రం చెప్పొద్దు సార్" అని. ఎల్లుండి నన్నే మాట్లాడమన్నారు మా సార్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

సమాధానం:

నేను ఈ పని మొదటిసారి చేసింది 2009లో, మీలాగే పీజీ రెండో సంవత్సరంలో, తిరుపతిలోనే. చాలా దరిద్రంగా చేశాను. ఏ ఆసుపత్రో చెప్పను, పెద్దాయన ఆనవాళ్ళు కూడా కొన్ని మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను, ఎందుకంటే మీరున్న చోటే అప్పుడు నేనూ నిలబడ్డాను.

ఆయనకి అరవై ఒకటి. చిత్తూరు దగ్గర పల్లె, చెరుకు తోట, సొంత బెల్లం గానుగ. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, కోడళ్ళు, అల్లుడు, భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అక్క, అందరిదీ ఒకటే పొయ్యి. ఐదు నెలలుగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలు అనుకున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు, తర్వాత ఎవరో పసరు మందు ఇచ్చారు. ఆ ఐదు నెలల్లో ఒక్కరైనా గ్లవ్ వేసుకుని వేలు పెట్టి చూడలేదు. ఓపీలో నేను చూస్తే వేలికి గట్టిగా, గరుకుగా తగిలింది, మలద్వారం నుంచి నాలుగు సెంటీమీటర్ల పైన. గ్లవ్ తీసేసరికే నాకు దాదాపు అర్థమైపోయింది. (మొలలని వచ్చే ప్రతి మనిషికీ వేలితో పరీక్ష చేయండి. ఇది మీరడిగిన ప్రశ్నకి జవాబు కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.)

ముక్క తీసి పంపాం. వారానికి రిపోర్టు వచ్చింది, పురీషనాళంలో అడినోకార్సినోమా. సీటీలో లివర్, ఊపిరితిత్తులు శుభ్రంగానే ఉన్నాయి. ఎంఆర్ఐలో మాత్రం గడ్డ పేగు గోడ దాటి బయటి కొవ్వులోకి వచ్చింది, పక్కన రెండు మూడు గ్రంథులు కూడా ఉబ్బి ఉన్నాయి. అంటే నయం చేయాలన్న ఉద్దేశంతోనే వైద్యం మొదలుపెట్టగలిగే దశే, కానీ చిన్న వైద్యం కాదు. ముందు రేడియేషన్, దాంతోపాటు మాత్రలు, తర్వాత ఆపరేషన్. గడ్డ అంత కిందికి ఉంది కాబట్టి మలద్వారం కూడా తీసేసి, పొట్టకి ఎడమవైపు శాశ్వతంగా సంచి పెట్టాల్సి రావచ్చు.

ఇక నేను చేసిన తప్పు. రిపోర్టు చేతిలో పట్టుకుని ల్యాబ్ నుంచి వస్తున్నాను. లిఫ్ట్ దగ్గర పెద్దకొడుకు, అల్లుడు ఎదురయ్యారు. "వచ్చిందా సార్?" అన్నాడు కొడుకు. నేను నిలబడే, పక్కన స్ట్రెచర్ పోతుంటే గోడకి ఒదిగి, "క్యాన్సర్ అని వచ్చిందండీ, కానీ ట్రీట్‌మెంట్ ఉంది" అన్నాను. మొత్తం కలిపి నలభై సెకన్లు పట్టి ఉంటుంది. ఆ "కానీ" తర్వాత నేను చెప్పింది ఆయన చెవికి చేరనే లేదని మొహం చూస్తే తెలిసిపోయింది. చేరలేదని తెలిసి కూడా నేను చెప్పుకుంటూ పోయాను, మాట్లాడుతూ ఉంటే నా టెన్షన్ తగ్గుతోంది కాబట్టి.

పది నిమిషాల్లో మెట్ల దగ్గర కుటుంబం మొత్తం చేరి ఏడ్చింది. పావుగంటకి అందరూ మొహాలు కడుక్కుని వార్డులోకి వచ్చి పెద్దాయన ముందు నవ్వుతూ నిలబడ్డారు. ఆ పావుగంటలోనే ఒప్పందం కూడా అయిపోయింది. పెద్దకొడుకు నన్ను పక్కకి పిలిచి, "నాయనకి పుండు అని చెప్పండి సార్. పేరు తెలిస్తే ఆయన బతకడు" అన్నాడు. నేను సరేనన్నాను. కష్టమైన పని తప్పించుకోవడానికి కుటుంబమే నాకు ఒక సాకు చేతిలో పెట్టినట్టయింది, నేను హాయిగా తీసుకున్నాను. బెడ్ దగ్గరికెళ్ళి, "లోపల పుండు ఉందండీ, మానడానికి కరెంటు పెట్టించుకోవాలి" అని చెప్పాను. ఆయన నన్ను ఒకసారి చూసి, "సరే నాయనా" అన్నాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను దాన్ని నమ్మకం అనుకున్నాను.

మూడు రోజులకి ఆయన తిండి తగ్గించేశాడు. నాలుగోరోజు పొద్దున రౌండ్స్‌కి వెళ్తే పంచె కట్టుకుని, సంచి సర్దుకుని కూర్చున్నాడు. ఇంటికి పోతాడట. "పుండుకి ఇంత ఖర్చు ఎందుకు, ఊళ్ళోనే మాన్పుకుంటాను" అంటాడు. కొడుకులు బతిమాలుతున్నారు. వాళ్ళు నిజం చెప్పలేరు, చెప్పకుండా ఆపలేరు. నా పరిస్థితీ అదే. పుండు అన్న మాట మీద నిలబడి ఆయన్ని ఐదున్నర వారాల రేడియేషన్‌కి ఎలా ఒప్పించను? మలద్వారం తీసేస్తామని ఎలా చెప్పను? పైగా రేడియేషన్ విభాగం గుమ్మం మీద ఏమని రాసి ఉంటుందో ఆలోచించండి. ఆయన తెలుగు చక్కగా చదువుతాడు.

వార్డులో ఒక సీనియర్ సిస్టర్ ఉండేది. ఆవిడ నన్ను పక్కకి లాగి, "ఆయనకి తెలుసు డాక్టర్. రాత్రి రెండింటికి బీపీ చూస్తుంటే, నాకొచ్చింది మా తమ్ముడికి వచ్చిందే కదమ్మా అని అడిగినాడు. నేనేం చెప్పలేదు" అంది. అంటే ఆ వార్డులో విషయం తెలియనివాళ్ళు ఎవరూ లేరు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియకుండా చూసుకుంటున్నారు, అంతే.

మా చీఫ్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిట్టలేదు. "ఆపరేషన్ కన్సెంట్ మీద సంతకం ఎవరిది?" అని మాత్రం అడిగాడు. పేషెంటుది అన్నాను. "దేనికని పెడతాడు?" అన్నాడు. అప్పటికి ఏడాది ముందే, 2008లో, సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మత్తులో ఉన్న ఆవిడ బదులు తల్లి దగ్గర కన్సెంట్ తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణం మీదకి వచ్చిన అత్యవసరం కానప్పుడు, సొంతంగా నిర్ణయించుకోగల మేజర్ మనిషి బదులు ఇంకొకరి సమ్మతి చెల్లదని కోర్టు చెప్పింది. కన్నతల్లి సమ్మతే చెల్లనప్పుడు కొడుకు సమ్మతి ఎలా చెల్లుతుంది? ఆయన పెట్టే సంతకానికి అర్థం ఉండాలంటే, దేనికి పెడుతున్నాడో ఆయనకి తెలియాలి. చీఫ్ చివర్లో అన్న మాట మాత్రం కోర్టుది కాదు. "వెళ్ళి చెప్పకు. వెళ్ళి అడుగు" అన్నాడు.

అప్పుడు నాకది సరిగ్గా అర్థం కాలేదు. చెడువార్త చెప్పడానికి బెయిలీ, బక్‌మన్ వాళ్ళు 2000లో రాసిన ఆరు మెట్ల పద్ధతి మీరు చదివే ఉంటారు, స్పైక్స్ అంటారు. చోటు చూసుకోవడం, ఆయనకి ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అడగడం, తర్వాతే చెప్పడం, ఆ బాధకి చోటివ్వడం, చివరికి ప్లాన్. ఆరు మెట్లలో చెప్పడం నాలుగోది. నేను లిఫ్ట్ దగ్గర నేరుగా నాలుగో మెట్టు మీదకి దూకాను, అదీ వేరే మనిషి ముందు. మన ఇళ్ళలో మొత్తం ఆధారపడేది మూడో మెట్టు మీదే. ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది ఆయన్నే అడిగితే, చెప్పొద్దనే పదిమందితో మనం పోట్లాడాల్సిన అవసరం రాదు.

కానీ ముందు కుటుంబంతో మాట్లాడాలి. వాళ్ళని దాటేసి ఆయన దగ్గరికి వెళ్తే మన మాట మీద నమ్మకం పోతుంది. ఈసారి సిస్టర్ల డ్యూటీ రూమ్ అడిగి తీసుకున్నాను. కుర్చీలు వేయించాను, నా ఫోన్ సిస్టర్ చేతికిచ్చాను. పెద్దకొడుకు, చిన్నకొడుకు, కూతురు, పెద్దాయన అక్క వచ్చారు. నేను వాదించలేదు. "చెబితే ఏమవుతుందని మీ భయం?" అని అడిగాను. ఈ ఒక్క ప్రశ్న మీరు రాసిపెట్టుకోండి. ఎందుకంటే దాని జవాబు ప్రతి ఇంట్లో వేరుగా ఉంటుంది. వీళ్ళ ఇంట్లో, పెద్దాయన తమ్ముడికి చాలా ఏళ్ళ క్రితం గొంతు క్యాన్సర్ వచ్చింది. డాక్టరు పేరు చెప్పిన రోజునుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడట, మూడు నెలల్లో పోయాడు. గొంతు మూసుకుపోవడం వల్ల తినలేకపోయాడని వీళ్ళకి ఎవరూ వివరించలేదు. పేరు విన్నందుకే తినడం మానేశాడని ఇంటిల్లిపాదీ నమ్ముతున్నారు. అలా నమ్మినవాళ్ళు "చెప్పొద్దు సార్" అనకుండా ఇంకేమంటారు? ఆ గొంతు సంగతి వివరించడానికే పది నిమిషాలు తీసుకున్నాను. అందరికంటే ముందు అక్క తల ఊపింది.

తర్వాత వాళ్ళకి మూడు మాటలు చెప్పాను, ఇప్పటికీ దాదాపు అవే చెబుతాను. "నేను ఆయన్ని కూర్చోబెట్టి బలవంతంగా చెప్పను. ఎంతవరకు తెలుసుకోవాలనుందో ఆయన్నే అడుగుతాను, వద్దంటే అక్కడితో ఆపేస్తాను. కానీ నేరుగా అడిగితే మాత్రం అబద్ధం చెప్పను." పెద్దకొడుకు చాలాసేపు నేలవైపే చూశాడు. "మీరు ఆడవాళ్ళ ముందు చెప్పొద్దు" అన్నాడు. అక్క అతన్ని కసిరింది. "వాడి పెళ్ళాం లేకుండా వాడికేం చెప్తార్రా?" అంది. అక్కడితో తేలిపోయింది. ప్రతి ఇంట్లో చివరి మాట ఒకరిది ఉంటుంది, అది ఎప్పుడూ చొక్కా జేబులో ఆరోగ్యశ్రీ కార్డు పెట్టుకుని తిరిగే కొడుకుది కాదు. ఎవరిదో కనిపెట్టండి.

మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నాం. రౌండ్స్ అయిపోయాయి, విజిటర్స్ ఇంకా రాలేదు. శనివారం సాయంత్రం మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. ఆదివారమంతా వాళ్ళకి సందేహాలే ఉంటాయి, చెప్పే మనిషి ఉండడు. పెద్దాయనకి నిటారుగా కూర్చుంటే నొప్పి, ఒక పక్క తుంటి మీద ఒరిగి కూర్చుంటాడు. సిస్టర్ దిండు తెచ్చి వేసింది. అంత చిన్న విషయం నాకు తట్టలేదు. నొప్పితో కూర్చున్న మనిషి మీ మాట సగమే వింటాడు. ఆయన పక్కన భార్య, పెద్దకొడుకు, అక్క. నేను ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, ఆయన కంటే ఎత్తు లేని స్టూల్ మీద కూర్చున్నాను.

"ఇన్ని పరీక్షలు చేశాం కదా, మీకేమనిపిస్తోంది?" అన్నాను.

నాలుగు నిమిషాలు ఆయనే మాట్లాడాడు. మొదటి రక్తం ఎప్పుడు చూసిందీ, పసరు మందుకి కడుపు ఎలా మండిందీ, బరువు తగ్గి మొలతాడు ఎన్నిసార్లు బిగించుకుందీ, అన్నీ. నాకు మధ్యలో దూరి చెప్పేయాలనిపించింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చివరికి ఆయన అన్నాడు, "మేము బెల్లం వండేటప్పుడు పాకం కొంచెం తీసి నీళ్ళల్లో వేసి చూస్తాం నాయనా. ముదిరిందా, లేదా అని. మీరూ ముక్క తీసుకొని పొయినారు కదా. పాకం ముదిరిందా?"

గదిలో ఎవరూ కదల్లేదు. ఇంతకంటే బాగా ఏ డాక్టరూ బయాప్సీ గురించి చెప్పలేడు.

అయినా నేను వెంటనే జవాబు చెప్పలేదు. "చెబుతాను. అన్నీ మీకే చెప్పమంటారా, లేక కొన్ని మీ పెద్దబ్బాయితో మాట్లాడమంటారా?" అని అడిగాను. "జబ్బు నాకు చెప్పు. లెక్కలు పెద్దోడికి చెప్పు" అన్నాడు. చూశారా, మూడో మెట్టు ఎంత తేలిగ్గా దాటాడో. పదిమంది నాలుగు రోజులు కొట్టుకున్న విషయాన్ని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

అప్పుడు చెప్పాను. "మనం అనుకున్నదానికంటే పెద్ద జబ్బేనండీ" అని ఒక మాట అని, ఒక ఊపిరి ఆగాను. వినడానికి మనసు సిద్ధపడాలంటే ఆ ఒక్క ఊపిరి కావాలి. "ఆ ముక్కలో క్యాన్సర్ అని వచ్చింది. నేను ముందు పుండు అని చెప్పాను, అది తప్పు." క్యాన్సర్ అన్న మాట స్పష్టంగా ఒకసారి అన్నాను. గడ్డ, ట్యూమర్, గ్రోత్ అని చుట్టూ తిరగలేదు. తర్వాత నోరు మూసుకున్నాను.

ఆ నిశ్శబ్దం గురించే మీకు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పీజీలందరూ దొరికిపోయేది అక్కడే. ఓ అర నిమిషం అయి ఉంటుంది, నాకు మాత్రం అరగంటలా ఉంది. "భయపడకండి", "ఈరోజుల్లో మంచి మందులొచ్చాయి", "ధైర్యంగా ఉండాలి", అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ మాటలు మన ఊరట కోసం పుట్టేవి. వాటి అర్థం "మీరు ఏడవకండి, నేను చూడలేను" అని. ఆ అర నిమిషంలో ఏం జరిగిందంటే, భార్య కొంగు చివర ఉన్న ముడి పట్టుకుని నలుపుతోంది. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టిన ముడుపు అది. పెద్దాయన చూశాడు.

"ఇది ఎప్పుడు కట్టినావు?"

"ముక్క తీసిన దినమే" అంది ఆవిడ.

అంటే రిపోర్టు రాకముందే, నేను లిఫ్ట్ దగ్గర నోరు జారకముందే, ఆవిడకి అర్థమైపోయింది. అప్పుడు ఇద్దరూ ఏడ్చారు. పెద్దకొడుకు లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చుని, నాయన మోకాలి మీద చెయ్యి వేశాడు. నాలుగు రోజులుగా వాళ్ళు ఒకరి ముందు ఒకరు నవ్వుతున్నారు కదా, మొదటిసారి కలిసి ఏడ్చారు. నేను చేసిందల్లా టేబుల్ మీది నీళ్ళ గ్లాసు ఆయనవైపు జరపడం.

ఏడుపు తగ్గాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న నేను ప్రిపేరైనది కాదు. ఎన్ని రోజులు బతుకుతాను అంటాడనుకున్నాను. "మా తమ్ముడికి పెట్టినట్టే నాకూ పళ్ళెం, చెంబు వేరే పెట్టేసినారు. ఇది అంటుకుంటుందా?" అన్నాడు. చిన్నకోడలు నాలుగు రోజుల నుంచి ఆయన గ్లాసు విడిగా కడుగుతోందట. ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. తాకినా, పక్కన పడుకున్నా, ఎంగిలి తిన్నా అంటుకోదని చెప్పాను. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చా అన్నాడు. కూర్చోబెట్టుకోవచ్చు, ఒళ్ళో కూర్చుంటే మీకే నొప్పి అన్నాను. నవ్వాడు. జబ్బు పేరు దాచిపెట్టిన ఇంట్లో ఇలాంటి ప్రశ్నలు ఎన్ని ఉంటాయో, ఎవరూ అడగడానికి లేక ఎన్ని పళ్ళేలు వేరైపోతాయో నాకు ఆరోజే తెలిసింది.

ప్లాన్ ఆరోజు కొంచెమే చెప్పాను. క్యాన్సర్ అన్న మాట విన్న రోజు మనిషి తల ఎక్కువ పట్టుకోదు. లివర్‌కి, ఊపిరితిత్తులకి పాకలేదు. నయం చేయాలన్న ఉద్దేశంతోనే వైద్యం చేస్తాం. ముందు కరెంటు, వారానికి ఐదు రోజులు, మొత్తం ఇరవై ఎనిమిది సార్లు, ఆ రోజుల్లో మాత్రలు కూడా. ఆపరేషన్ సంగతి రేపు మాట్లాడుకుందాం. అంతే. తర్వాత, "ఇంటికెళ్ళాక మీ చిన్నబ్బాయి అడిగితే ఏమని చెబుతారు?" అన్నాను. "క్యాన్సర్ అంట, పాకలేదంట, కరెంటు పెడితే కరిగిపోతుందంట, కత్తి పెట్టే పని లేదంట" అన్నాడు. చూడండి, చివరి రెండు ముక్కలూ నేను చెప్పనే లేదు. ఆపరేషన్ రేపు అంటే, లేదు అని విన్నాడు. తిరిగి చెప్పించుకోకపోతే ఆ నమ్మకంతోనే వెళ్ళిపోయేవాడు, రెండు నెలల తర్వాత నేను మోసం చేశాననుకునేవాడు. అక్కడికక్కడే సరిచేశాను. కరెంటు గడ్డని చిన్నది చేస్తుంది, తర్వాత ఆపరేషన్ ఉంటుంది, అది పెద్దదే అని.

మర్నాడు సంచి గురించి చెప్పడం, నిజం చెప్పాలంటే, క్యాన్సర్ చెప్పడం కంటే కష్టమైంది. పొట్ట మీద నుంచి విరేచనం అంటే ఆయన మొహం ముడుచుకుపోయింది. "గుడికి పోకూడదు కదా?" అంది అక్క. అంతకుముందే సంచి పెట్టుకుని ఏడాదిగా తిరుగుతున్న ఒక పేషెంటుని ఆయన అనుమతితోనే పిలిపించాం. ఆయన చొక్కా ఎత్తి చూపించి, దాని మీద పంచె ఎలా కట్టుకోవాలో చూపించాడు. నేను గంటసేపు చెప్పిన దానికంటే ఆ ఐదు నిమిషాలు ఎక్కువ పనిచేశాయి. పెద్దాయన అడిగింది ఒక్కటే, "గానుగ పొయ్యి దగ్గర వేడికి ఊడొస్తుందా?" చెమటకి అంటు వదలొచ్చు, తరచూ మార్చుకోవాలి, బరువులు ఎత్తకూడదు, పాకం చూడటానికి అడ్డం లేదు అన్నాం. ఆయనకి అది చాలు.

రోజుల లెక్క పెద్దకొడుకు అడిగాడు, నాయన చెప్పినట్టే లెక్కలు అతనికే. "ఎన్నేళ్ళు సార్?" అని. అంకె చెప్పలేదు. వైద్యానికి గడ్డ ఎలా స్పందిస్తుందో చూడకుండా చెప్పే అంకె ఊహే అవుతుంది, ఆ ఊహ పట్టుకుని ఇంట్లో పెళ్ళిళ్ళు ముందుకి జరిపేస్తారు. బాగయ్యే అవకాశం ఉంది, మళ్ళీ తిరగబెట్టే అవకాశం కూడా ఉంది, తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండు మూడేళ్ళలోనే, అందుకే క్రమం తప్పకుండా రావాలి అని చెప్పాను. అతనికి నచ్చలేదు. ఆ కోపం చాలా రోజులుంది. కౌంటర్ దగ్గర కనిపించినా పలకరించేవాడు కాదు. లిఫ్ట్ దగ్గర ఆ వార్త అతని చేతిలో పెట్టి, నాలుగు రోజులు ఒంటరిగా మోయించింది నేనే కదా.

మీ పెద్దాయన ఇలాగే అడుగుతారని గ్యారంటీ లేదు. "నాకేమీ చెప్పొద్దు, మా అబ్బాయి చూసుకుంటాడు" అనేవాళ్ళూ ఉన్నారు, నేను చాలామందిని చూశాను. అలా అంటే అది కూడా ఆయన హక్కే, చెప్పి తీరాలని పట్టుబట్టకండి. ఎవరితో మాట్లాడమన్నారో ఆ పేరుతో సహా, ఆయన అన్న మాటల్లోనే కేస్ షీట్‌లో రాయండి. సంతకానికి కావలసినంత మాత్రం, అంటే పెద్ద జబ్బనీ, ఏ భాగం తీస్తారో, ఒంట్లో ఏం మారుతుందో, ఆయనకి చెప్పాల్సిందే. రెండు మూడు రోజులకి మళ్ళీ అడగండి. మొదట వద్దన్నవాళ్ళు చాలాసార్లు రెండోసారి అడుగుతారు, అదీ రాత్రిపూట, డ్యూటీలో ఎవరుంటే వాళ్ళని. అందుకే సిస్టర్లకి, హౌస్ సర్జన్లకి ఏం చెప్పారో, ఏం చెప్పలేదో తెలిసి ఉండాలి.

పెద్దాయన ఇరవై ఎనిమిది సార్లూ కరెంటు పెట్టించుకున్నాడు. రెండు నెలల తర్వాత ఆపరేషన్ అయింది, సంచి శాశ్వతంగానే పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది గానుగ కాలం ఆయనకి పోయింది, తర్వాతి ఏడాది పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని పాకం చూశాడని చిన్నకొడుకు చెప్పాడు. నా పీజీ అయిపోయి నేను వేరే ఊరు వెళ్ళేదాకా చెకప్‌లకి వస్తూనే ఉన్నాడు.

పెద్దకొడుకుని మళ్ళీ చూసింది కొన్నేళ్ళ తర్వాత, నేను తిరుపతికి తిరిగొచ్చాక. అప్పట్లో వాళ్ళందరినీ కూర్చోబెట్టి, ఇలాంటి క్యాన్సర్ వచ్చినవాళ్ళ పిల్లలు నలభై ఏళ్ళకే కొలనోస్కోపీ చేయించుకోవాలి అని చెప్పాను. ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. అతనికి నలభై నిండింది, చేయించుకోవడానికి వచ్చాడు, ఒంటరిగా. నాయన జబ్బుకి పుండు అనే పేరే మిగిలిపోయి ఉంటే ఈ మనిషి ఆ గదిలోకి వచ్చేవాడే కాదు. ఒక చిన్న పాలిప్ కనిపించింది, అక్కడే తీసేసి పరీక్షకి పంపాం. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"రిపోర్టు వస్తే ముందు నాకే చెప్పండి సార్. కూర్చోబెట్టి చెప్పండి" అన్నాడు. "ఆ లిఫ్ట్ కాడ మాత్రం వద్దు."